చిత్రం మీది ‘మీరు’ ఎవరు? అరబ్బీ అనువాదంలో లింగ వచనాల ఎంపిక

గోడపత్రిక మీదా, ఆరోగ్య సమాచార చిత్రం మీదా కనిపించే ఇంగ్లీషు వాక్యంలోని ‘యూ’ అనే సర్వనామం చదివేది పురుషుడా, స్త్రీయా, ఒకరా, పలువురా అన్నది చెప్పదు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘కడుక్కో’ అనాలా, ‘కడుక్కోండి’ అనాలా అన్న మర్యాద ప్రశ్న ఒక్కటే మిగులుతుంది తప్ప, మధ్యమ పురుషలో లింగభేదం లేదు కాబట్టి అనువాదకుడికి అంతకు మించిన చిక్కు రాదు. అరబ్బీలో మాత్రం ఎదుటివారిని ఉద్దేశించే ప్రతి క్రియా లింగాన్నీ వచనాన్నీ వెంట తెచ్చుకుంటుంది. ‘కడుగు’ అన్న ఒక్క ఆజ్ఞకే పురుషుడితో ఇగ్‌సిల్, స్త్రీతో ఇగ్‌సిలీ, ఇద్దరితో ఇగ్‌సిలా, పలువురితో ఇగ్‌సిలూ, స్త్రీలు మాత్రమే ఉన్న బృందంతో ఇగ్‌సిల్‌న అని ఐదు రూపాలున్నాయి.

కంప్యూటర్ తెర మీది పాఠమైతే చదివేవారినే అడిగి తగిన రూపం చూపించవచ్చు. ట్విటర్ 2021లో అరబ్బీ వాడుకరులకు స్త్రీలింగ రూపాల సెట్టింగును ప్రవేశపెట్టింది ఈ పద్ధతిలోనే. చిత్రంలో కలిసిపోయిన పాఠానికి ఆ వెసులుబాటు లేదు. అది ఒకసారి ముద్రణ అయితే ఆసుపత్రి గోడ మీద తండ్రికీ కూతురికీ ఒకే మాట చెబుతుంది, పైగా వివరణకు చోటివ్వని నాలుగైదు మాటల్లోనే చెప్పాలి. అందువల్ల రూపాన్ని ఎంచుకునే పని పూర్తిగా అనువాదకుడి మీద పడుతుంది.

ఈ ఎంపికలో వ్యాకరణం చూపే పాత దారి తగ్లీబ్, అంటే ఒక వర్గానికి ప్రాధాన్యమిచ్చి రెండో వర్గాన్ని దానిలో కలిపి చెప్పడం. పురుషులూ స్త్రీలూ కలిసిన బృందాన్ని పుంలింగ బహువచనంతో పిలవడం ఈ సూత్రం మీదే నడుస్తుంది. అయితే ఆ బహువచనం స్త్రీలను నిజంగా కలుపుకుంటుందా అన్న చర్చ కొత్తది కాదు. ఇస్లామీయ ధర్మశాస్త్ర సూత్రకారులు పుంలింగ బహువచనంలో చెప్పిన ఆదేశం స్త్రీలకు దానంతట అదే వర్తిస్తుందా, లేక వేరే ఆధారం కావాలా అని వాదించుకున్నారు. ఖురాన్ 33వ అధ్యాయం 35వ వాక్యం విశ్వాసులైన పురుషులనూ స్త్రీలనూ వేర్వేరు రూపాల్లో జంటలు జంటలుగా పేర్కొంటుంది. స్త్రీల ప్రస్తావన ఎందుకు రావడం లేదని ప్రవక్త భార్య ఉమ్ము సలమా అడిగిన సందర్భాన్ని వ్యాఖ్యాన సంప్రదాయం ఈ వాక్యంతో ముడిపెడుతుంది. పుంలింగం అందరినీ కలుపుకుంటుందని వ్యాకరణం చెప్పినా, వినేవారికి అది ఎప్పుడూ అలా అనిపించదని ఆ సంప్రదాయానికే తెలుసు.

అనువాదకుల చేతిలో ప్రధానంగా నాలుగు ఉపాయాలున్నాయి. మొదటిది పుంలింగ ఏకవచనం. ఇది పొట్టిగా, సూటిగా ఉంటుంది, ప్రకటనల్లో చాలాకాలంగా అలవాటైన రూపం కూడా, కానీ చదివే స్త్రీని పక్కన పెడుతుంది. రెండోది పుంలింగ బహువచనం. ఇది తగ్లీబ్ ప్రకారం అందరికీ చెల్లుతుంది, ఒక్కరితో వాడితే గౌరవమూ తోస్తుంది, అయితే ఏకాంతంగా ఒక్కరి చెవిన వేసే మాటలోని దగ్గరితనం ఇందులో ఉండదు. మూడోది మస్దర్, అంటే ‘కడగడం’, ‘ఉండడం’ వంటి క్రియానామం. దీనికి కర్త అక్కరలేదు కనుక లింగమూ అక్కరలేదు, అందుకే కంప్యూటర్ బొత్తాల మీద ‘భద్రపరచు’, ‘వెతుకు’ అన్న ఆజ్ఞల చోట అరబ్బీ క్రియానామాలే కనిపిస్తాయి. నాలుగోది రెండు రూపాలనూ గీతతో పక్కపక్కన పెట్టడం; ఇది న్యాయంగానే కనిపించినా చిత్రంలో త్వరగా చెడిపోతుంది. అరబ్బీ అక్షరాలు ఒకదానితో ఒకటి అతుక్కుని పదంగా నడుస్తాయి, గీత పెడితే ఆ అతుకు తెగి, స్త్రీలింగ ప్రత్యయమైన యా అక్షరం ఒంటరిగా నిలబడుతుంది. కుడి నుంచి ఎడమకు నడిచే లిపిని సరిగా పట్టుకోలేని చిత్ర సాఫ్ట్‌వేర్‌లో గీత, బ్రాకెట్లు తారుమారై పదం పూర్తిగా చెదిరిపోవచ్చు.

ఈ నాలుగింటికీ తోడు లిపి దాచి ఉంచే ఐదో ఉపాయం ఒకటుంది, నేర్పంతా దానిలోనే ఉంది. అరబ్బీ రాతలో హ్రస్వ అచ్చులను సాధారణంగా రాయరు. వాటిని చూపే హరకాత్ అనే గుర్తులు మత గ్రంథాల్లోనూ పిల్లల పుస్తకాల్లోనూ తప్ప మామూలు ముద్రణలో అరుదు. ‘నీ ఆరోగ్యం’ అన్న మాటను పురుషుడితో సిహ్హతుక అనీ, స్త్రీతో సిహ్హతుకి అనీ పలకాలి, కానీ రాతలో రెండూ కాఫ్ అక్షరంతోనే ముగుస్తాయి, తేడా చివరి హ్రస్వంలోనే ఉంటుంది. భూతకాల క్రియ కూడా ఇంతే: ‘నీకు అనిపించింది’ అనడానికి పురుషుడికి అహ్‌సస్త, స్త్రీకి అహ్‌సస్తి, కాగితం మీద రెండూ ఒక్కటే. వర్తమాన క్రియ, ఆజ్ఞార్థకం, విశేషణం ఈ ముసుగును నిలబెట్టలేవు. వాటిలో స్త్రీలింగం ఒక అక్షరంగానే బయటపడుతుంది. కాబట్టి అనువాదకుడు ఇంగ్లీషు వాక్యాన్ని ఏ క్రియారూపంలో తిరగరాస్తే లింగం దాగుతుందో చూసుకోవాలి. అరబ్బీలో షరతు వాక్యం ఇందుకు బాగా కలిసివస్తుంది, ఎందుకంటే ‘ఒకవేళ’ అనే అర్థమిచ్చే ఇన్, ఇజా అన్న అవ్యయాల తరువాత, అర్థం భవిష్యత్తుదైనా సరే, భూతకాల క్రియ రావడం ఆ భాషకు సహజం.

ఈ మెలకువ ఎలా పనిచేస్తుందో ఒక మామూలు ఆరోగ్య చిత్రాన్ని తీసుకుంటే తెలుస్తుంది. దాని మీద ఇంగ్లీషులో మూడు పంక్తులున్నాయనుకుందాం: చేతులు కడుక్కోండి, జ్వరంగా ఉంటే ఇంట్లో ఉండి మీ డాక్టరుకు ఫోన్ చేయండి, మీ ఆరోగ్యం మాకు ముఖ్యం. మాటకు మాట పుంలింగ ఏకవచనంలో పెడితే మొదటి పంక్తి ఇగ్‌సిల్ యదైక అవుతుంది. ఇందులో ‘చేతులు’ అన్న పదం యదైక, యదైకి అని రెండు విధాలుగా చదవడానికి వీలిచ్చినా, ముందున్న ఆజ్ఞ లింగాన్ని తేల్చేస్తుంది. బహువచనంలోకి మారిస్తే ఇగ్‌సిలూ అని క్రియను మార్చి ఊరుకుంటే చాలదు, చేతులు కూడా ద్వివచనం నుంచి బహువచనంలోకి మారి అయ్‌దియకుమ్ కావాలి. క్రియను మార్చి నామాన్ని మరిచిపోవడం ఇలాంటి చిత్రాల్లో తరచుగా పట్టుబడే తప్పు.

రెండో పంక్తిలో చిక్కులు ఎక్కువ. ‘జబ్బుగా ఉంటే’ అని విశేషణంతో రాస్తే పురుషుడికి మరీదన్, స్త్రీకి మరీదతన్ అని తేడా బయటపడుతుంది. దాని బదులు ‘జ్వరం అనిపిస్తే’ అని మారిస్తే ఇన్ తరువాత అహ్‌సస్త వస్తుంది, లింగం రాతలో కనిపించదు. ఆ వెంటనే వచ్చే ‘ఇంట్లో ఉండు’ అన్న ఆజ్ఞ పురుషుడికి ఇబ్‌ఖ, స్త్రీకి ఇబ్‌ఖై. పుంలింగ రూపం ఖాఫ్ అక్షరంతోనే ఆగిపోవాలి, కానీ వాడుకలో చాలామంది దాని చివర చుక్కల్లేని యా ఆకారపు అక్షరాన్ని తప్పుగా చేరుస్తారు. ఈజిప్టు ముద్రణలో పదాంతపు యాకు చుక్కలు పెట్టని అలవాటు ఉంది కనుక, అక్కడ ఆ తప్పు రూపమూ సరైన స్త్రీలింగ రూపమూ ఒకేలా కనిపించి చదివేవారిని తికమక పెడతాయి. ఈ ఆజ్ఞను తప్పించడానికి యుర్జా, అంటే ‘కోరడమైనది’ అన్న కర్మణి క్రియను ముందు పెట్టి, ఇంట్లో ఉండడమూ డాక్టరుకు ఫోన్ చేయడమూ అని రెండు క్రియానామాలను దాని కింద చేర్చవచ్చు. ‘మీ డాక్టరు’ అన్నచోట ‘మీ’ తీసేసి, నిర్దేశక ఉపపదమైన అల్‌తో డాక్టరు అని మాత్రమే రాయడం మంచిది. బహువచన సర్వనామం తగిలిస్తే అందరికీ కలిపి ఒకే డాక్టరు ఉన్నాడన్న ధ్వని రావచ్చు. మూడో పంక్తికి మార్పు అవసరం లేదు, సిహ్హతుక రాతలో ఇద్దరికీ చెల్లుతుంది.

ఇప్పుడు మిగిలింది మొదటి పంక్తి. దాన్ని బహువచనంలో ఉంచితే చిత్రం పైన పలువురినీ కింద ఒక్కరినీ పలకరించినట్టవుతుంది. ఒకే చిత్రంలో వచనం మారడం అరబ్బీ పాఠకుడికి వెంటనే తగులుతుంది. కాబట్టి దాన్ని శీర్షికగా మలిచి గస్లుల్ యదైన్, అంటే ‘చేతులు కడుక్కోవడం’ అని క్రియానామంతో పెడితే మూడు పంక్తులూ పొంతన పడతాయి. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది: ఆజ్ఞలోని చురుకు పోయి శీర్షిక పాఠ్యపుస్తకంలా చల్లబడుతుంది, యుర్జా వాక్యానికి ఆఫీసు నోటీసు వాసన అంటుతుంది. ఆ చల్లదనం పనికిరాని చోట మూడు పంక్తులనూ బహువచనంలోకే మార్చి, అహ్‌సస్‌తుమ్, సిహ్హతుకుమ్ అని చివరిదాకా నిలబెట్టడం రెండో మార్గం. ‘మీరు’ అన్న పిలుపునే వదిలి ‘మనం’ అనడం మూడో మార్గం; 2020లో సౌదీ ఆరోగ్య శాఖ కరోనా ప్రచారానికి ఎంచుకున్న కుల్లునా మస్‌ఊల్, అంటే ‘మనందరిదీ బాధ్యత’ అన్న నినాదం ఈ దారిలోనిదే.

దాగిన లింగాన్ని పొరపాటున బయటపెట్టేవారు తరచుగా చిత్రకారులే. అందం కోసం అక్షరాల మీద హరకాత్ చల్లితే కాఫ్ మీద పెట్టిన ఒక్క చిన్న గీత ‘నీ ఆరోగ్యం’ అన్న మాటను పురుషుడికే పరిమితం చేస్తుంది. చిత్రంలో ఒక స్త్రీ బొమ్మ ఉండి కింద పుంలింగ ఆజ్ఞ ఉంటే ఆ పొసగనితనం ఏ వ్యాకరణ సూత్రంతోనూ సర్దుకోదు. అందుకే ముద్రణకు ముందు పరిశీలకుడు ప్రతి క్రియకూ, విశేషణానికీ, సర్వనామ ప్రత్యయానికీ ఎదురుగా లింగమూ వచనమూ రాసుకుని, అన్నీ ఒకే వరసలో ఉన్నాయా అని బొమ్మతో సహా సరిచూడాలి. ఆ చిత్రమే వీడియోగా మారి ఎవరైనా గట్టిగా చదవవలసి వస్తే రాత ఇచ్చిన ముసుగు తొలగిపోతుంది. పలికేవారు సిహ్హతుక అనో సిహ్హతుకి అనో తేల్చుకోక తప్పదు కనుక, మాట్లాడే పాఠానికి బహువచనమో క్రియానామమో తప్ప ఈ లిపి ఉపాయం పనికిరాదు.

తటస్థత అన్ని చోట్లా మేలు కాదన్నదీ గుర్తుంచుకోవాలి. గర్భిణుల కోసమో, రొమ్ము క్యాన్సర్ పరీక్ష గురించో వేసిన చిత్రంలో ఇంగ్లీషు ‘యూ’ తటస్థంగా కనిపించినా ఉద్దేశించింది దాదాపుగా స్త్రీలనే, అక్కడ స్త్రీలింగ ఏకవచనాన్ని తేటగా వాడటమే సరి. గర్భిణి అనే అర్థమిచ్చే హామిల్ అన్న విశేషణానికి మామూలు స్త్రీలింగ ప్రత్యయం ఉండదు, ‘నువ్వు గర్భవతివైతే’ అన్న వాక్యం రాతలో లింగం లేనట్టే కనిపిస్తుంది. అందుచేత పక్క వాక్యంలోని ఆజ్ఞ అయినా స్పష్టంగా స్త్రీలింగంలో ఉండాలి. చదివేవారు ఎవరో తెలిసినప్పుడు వారినే సూటిగా పిలవడం, తెలియనప్పుడు ముందు లిపి దాచే రూపాలనూ, అవి కుదరని చోట క్రియానామాన్నో బహువచనాన్నో ఆశ్రయించడం, ఏది ఎంచుకున్నా చిత్రం మొదటి మాట నుంచి చివరి మాట దాకా దాన్ని తప్పకపోవడం ఈ పనికి ఆధారమైన క్రమం.