ఒంటెను గోడ మీదే ఉంచాను

మా అక్క కోదాడలో నర్సరీ పిల్లలకు చెప్తుంది. ఉండేది సూర్యాపేటలో, రోజూ బస్సులో పోయొస్తుంది. మొన్న వేసవిలో ఫోన్ చేసి, "కంప్యూటర్ ముందే కదరా నీ పని, మా క్లాసుకు అక్షరాల చార్టు ఒకటి చేసిపెట్టు, బజార్ల దొరికేవి పనికొస్తలేవు" అంది. ఏమైంది అనడిగితే చార్టు కొని ఇంటికి తెచ్చి గోడకు ఆనించింది. నాలుగేళ్ల మా కోడలు 'ఛ' మీద వేలు పెట్టి "గొడుగు, మామా" అంది. కింద 'ఛత్రం' అని ఉంది. పక్కన 'ఝ' గడిలో ఝషం. "చేప." ఆ పక్కన 'ఔ'లో మందు సీసా. "మందు." పాప ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. కానీ చార్టు లెక్కలో మూడూ తప్పే.

పుస్తకాల మీద రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఆ చార్టును కూడా ఒక సంకలనంలా చదివాను. 52 గళ్లు: అచ్చులు 14, అం అః కలిపి 16, హల్లులు 36. ప్రతి గడికీ ఒక్క మాట. మిగతా మాటలన్నీ బయటే. సంకలనకర్త పేరుండదు, ముందుమాట ఉండదు. అయినా ఎంతమంది పిల్లలకో తెలుగులో మొదటి పాఠ్యం ఇదే.

అసలు అక్షరానికి మాట ఎందుకు? ఇంగ్లీషులో 'బీ' అనేది అక్షరం పేరు, దాని ధ్వని వేరు. ధ్వని తెలియాలంటే మాట కావాలి. తెలుగులో అక్షరం పేరూ ధ్వనీ ఒకటే. 'క' అంటే కనే. ఓనమాలు దిద్దిన తరాలు బొమ్మలేవీ లేకుండా ఇసుకలో రాసే నేర్చుకున్నాయి. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష రాసినప్పుడూ గోడ చార్టు అన్న ఆలోచన లేదు. కాబట్టి మన దగ్గర మాట చేసే పని ధ్వని చెప్పడం కాదు. పాప నోట్లో ముందే ఉన్న ఒక మాటను పట్టుకుని, దాని తల ఇదీ అని చూపించడం. నోట్లో లేని మాటకు తల చూపించి లాభం లేదు.

అందుకే ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. అక్షరాన్నీ మాటనూ కాగితంతో మూసేసి బొమ్మ మాత్రమే చూపించి "ఇదేంది?" అనడగాలి. పిల్ల నోటి నుంచి ఏ మాట ముందు వస్తే అదే రాసుకోవాలి, మనం అందించకూడదు. చూడాల్సినవి మూడే. పిల్లలందరూ ఒకే పేరు చెప్తున్నారా? చెప్పిన పేరు ఆ అక్షరంతోనే మొదలవుతోందా? రేపు బడి పుస్తకంలో కూడా ఆ మాటను అదే అక్షరంతో రాస్తారా? సూర్యాపేటలో మా కోడలు, ఆమె స్నేహితులు. కోదాడలో అక్క క్లాసు. మిర్యాలగూడలో అమ్మావాళ్ల వీధి పిల్లలు. ఇదేం పరిశోధన కాదు, మూడు ఆదివారాలు, ఒక శనివారం, బోలెడు చాక్లెట్లు.

మొదట కూలింది నేను అసలు అనుమానించని గడి. 'ఊ'కి ఊయల. బొమ్మ చూసిన ప్రతి పిల్లా "ఉయ్యాల" అంది. నేనూ జన్మలో ఊయల అని మాట్లాడి ఎరగను. దీర్ఘం నేర్పాల్సిన గడిలో పిల్లల నోట హ్రస్వం పలికించే బొమ్మ పెట్టారన్నమాట. ఇక్కడ టీచరు చేసే పని "ఉయ్యాల కాదు, ఊయల అనాలి" అని దిద్దడం. మా కోడలికి అలా రెండుసార్లు దిద్దాక మూడోసారి బొమ్మ చూపిస్తే నా మొహం చూసింది, మాట్లాడలేదు. నాకు ఈ పని సీరియస్ అయింది అక్కడే. గడి తప్పయితే అక్షరం ఒక నెల ఆలస్యంగా వస్తుంది, అంతే. తన ఇంటి మాట తప్పని తెలిసిన పిల్ల మాత్రం తర్వాత అడిగినా చెప్పదు.

మరి 'ఊ'కి ఏం పెట్టాలి? ఊదుబత్తి అనుకున్నాను. సూర్యాపేటలో సరిపోయింది, కోదాడలో సగంమంది అగరబత్తి అన్నారు. ఊరు అంటే బొమ్మ గీయలేం, గీస్తే ఇళ్లు అంటారు. చివరికి దారి చూపింది మా కోడలే. పిల్లాడు బెలూన్‌తో ఉన్న బొమ్మ ఇంకో గడి కోసం చూపిస్తే, "బుగ్గ ఊదుతుండు" అంది. చార్టుల్లో అన్నీ వస్తువులే ఎందుకుండాలి? అడిగే ప్రశ్న మార్చాను: "ఇదేంది?" కాదు, "ఏం చేస్తుండు?" సూర్యాపేటలో "ఊదుతుండు", కోదాడలో "ఊదుతున్నాడు". బెలూన్ పేరు మారింది, క్రియ చివర మారింది, తల మారలేదు. 'ఊదు' అలా వచ్చింది. 'ఈ'లో ఈగను తీసేసి ఈత కొట్టే పిల్లను పెట్టడానికీ ఇదే దారి.

ఇక ఒంటె. నిజం చెప్పాలంటే నేను ఈ పనికి ఒప్పుకున్నదే ఒంటెను దింపేయడానికి. మిర్యాలగూడలో పుట్టిన పిల్లకు ఒంటెతో ఏం పని? సాగర్ ఎడమ కాలువ కింద వరి, కోతలొస్తే రైస్ మిల్లుల ముందు ట్రాక్టర్ల వరస, రోడ్డు మీద ఆరబోసిన కుప్పలు. 'ఒ' అంటే ఒడ్లు! మన నేల మాట, మన నోటి మాట. ఒక వ్యాసానికి సరిపడా ఆవేశం తయారు చేసుకునే వెళ్లాను.

అక్క ఒక్కటే అడిగింది. "పుస్తకంల ఎట్ల రాస్తరు?" వడ్లు అని రాస్తారు. పలికేది ఒడ్లు, రాసేది వడ్లు. మాట మొదట్లో 'వ' మన నోట్లో 'ఒ' అయిపోవడం మామూలే. ఈ గడిలో ఒడ్లు అని నేర్పితే రెండేళ్ల తర్వాత డిక్టేషన్‌లో అదే మాటకు ఎర్ర గీత పడుతుంది. పోనీ 'వ' గడికి మారుద్దామంటే, పిల్ల నోట వచ్చేది 'ఒ'. అంటే మా ఊరికి ఇంతగా దగ్గరైన మాట రెండు గళ్లలోనూ పట్టలేదు. పైగా బొమ్మ చూపిస్తే కోదాడ పిల్లలు కొందరు "బియ్యం" అన్నారు. ఒడి అనుకుని తల్లి ఒళ్లో పాపను గీస్తే అందరూ ముక్తకంఠంతో "అమ్మ".

ఓటమి ఒప్పుకుని పాత ఒంటెను చూపించాను. మూడు ఊళ్లలోనూ, బొమ్మ పూర్తిగా తిప్పకముందే, "ఒంటె!" ఎవరూ ఎక్కలేదు, చాలామంది చూడనేలేదు. కానీ దానికి రెండో పేరు లేదు, యాసలో తల మారదు, పలికినట్టే రాస్తాం. ఎప్పుడూ చూడని జంతువు తెలిసిన మాట అయింది, కళ్ల ముందు కుప్పలుగా ఉన్న గింజ కాలేకపోయింది. 'తెలిసిన' అంటే నేను అనుకున్న అర్థం వేరు, పిల్లల నోట్లో దాని అర్థం వేరు.

అలాగని ప్రాంతం లెక్కలోకి రాదని కాదు. 'గ'కి గేదె పెట్టిన చార్టు సూర్యాపేటలో పనిచేయదు, అక్కడ అది బర్రె. బర్రెను 'బ'లో పెడితే కోదాడలో కొందరికి గేదె. ఆ ఊరు దాటితే కాసేపట్లో జగ్గయ్యపేటే కదా. ఉల్లి మాత్రం రెండు చోట్లా నిలబడింది. ఒకచోట ఉల్లిగడ్డ, ఒకచోట ఉల్లిపాయ, 'ఉ' అలాగే ఉంది. మాట కింద పేరు రాయకుండా అక్కకే వదిలేశాను, ఏ ఊళ్లో ఏది పలికితే అది స్కెచ్ పెన్‌తో రాసుకోమని.

అసలు చిక్కు మహాప్రాణాలు. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ: 52లో పది. అచ్చ తెలుగు మాటల్లో ఇవి లేవు. సంస్కృతం నుంచో, ఉర్దూ, ఇంగ్లీషుల నుంచో రావాలి. వచ్చాక కూడా ఇంట్లో మనం ఒత్తి పలకం. ఘంట అని రాసి గంట అంటాం. అందుకే ఖడ్గం, ఛత్రం, ఝషం లాంటివి ప్రతి చార్టులో కాపలా కాస్తుంటాయి. వీటికి ఎంత వెతికినా తెలిసిన మాట దొరకదనుకున్నాను. హాజరు పట్టీ చూస్తుంటే తట్టింది. మన ఇళ్లలో మహాప్రాణాలు బతికేది మనుషుల పేర్లలో. భవ్య, ధనుష్, రాఘవ, మాధవి. పిల్లకు తన పక్కన కూర్చునే భవ్య కంటే తెలిసిన మాట ఏముంటుంది? ఆ గళ్లలో బొమ్మ తీసేసి ఖాళీ పెట్టాను, క్లాసులో ఆ అక్షరం ఉన్న పిల్లల ఫోటో అంటించుకోవచ్చు. ప్రతి ఏడూ మారుతుంది. 'ఝ', 'ఠ'లకు ఎవరూ దొరకలేదు. అవి ఈ ఏడు ఖాళీగానే ఉన్నాయి.

'ణ', 'ళ'ల సంగతి తేలిక. ఇవి మాట మొదట్లో రావు. వీణ బొమ్మ వేసి 'ణ' అంటే పిల్లకు వినపడేది 'వీ'. మొదటి అక్షరమే ఉండాలన్న పట్టుదల వదిలేసి బాణం, తాళం అని రాసి, మధ్యలో అక్షరానికి మాత్రం ఎర్ర రంగు వేశాను. 'ఙ', 'ఞ', 'ౠ' గళ్లలో అక్షరం తప్ప ఏమీ లేదు. చూసి గుర్తుపడితే చాలు.

'ఐ'కి ఐదు వేళ్లు చూపిస్తే మూడు ఊళ్లలోనూ "ఫైవ్" అన్నారు. ఐస్‌క్రీమ్ పెట్టాను. దీనికి నాతో గొడవపడే మిత్రులున్నారని తెలుసు. ఆ గొడవ పిల్లలతో కాక నాతో పడితే చాలు.

చార్టు జూన్‌లో గోడెక్కింది. ఇప్పటికి తేలిన లోపం ఒకటి: ఊదు, ఈత గళ్ల దగ్గర "ఇదేంది" అని అడిగే కొత్త టీచరుకు "పిల్లగాడు" అనే జవాబు వస్తోందట. ఆ రెండు గళ్ల కింద ప్రశ్న కూడా చిన్న అక్షరాల్లో రాయాలి, వచ్చే ప్రింటులో చేస్తాను. మా కోడలు మాత్రం ఇప్పుడు ఇంట్లో ఉయ్యాల ఊగుతూ ఉయ్యాల అనే అంటోంది.