పన్నెండు వచ్చాయి, రెండు రాలేదు

బీదర్ అనే పేరును కన్నడంలో కంప్యూటర్‌కు నాలుగు రకాలుగా చెప్పొచ్చు. తెర మీద నాలుగూ ఒక్కలాగే కనిపిస్తాయి, చదివినా ఒకటే. కంప్యూటర్ మాత్రం వాటిని నాలుగు వేరు వేరు ఊళ్లుగా చూస్తుంది. ఆ మధ్య నేను మళ్లీ తెరవాల్సి వచ్చిన ఒక టికెట్ గొడవంతా ఇదే.

బీదర్‌లో చౌబారా చుట్టుపక్కల బిద్రీ సామాను అమ్మే ఒక దుకాణం తన ఆర్డర్ల పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది హైదరాబాద్‌లో ఉన్న ఒక డెవలపర్ అన్న, పరీక్షించేది ఇక్కడ బీదర్‌లో కూర్చున్న నేను. దుకాణంవాళ్లకు రోజూ కావలసింది చిన్న పని. ఊరి గడిలో కన్నడంలో బీదర్ అని కొట్టి వెతికితే స్థానికంగా బండి మీద చేరవేయాల్సిన ఆర్డర్లన్నీ రావాలి, మిగతావి పార్సిల్‌కు పోతాయి. పరీక్ష కోసం పెట్టుకున్న కాపీలో అలాంటివి 14 ఉంటే వెతుకులాటలో 9 వచ్చేవి. అది టికెట్ రాశాను. ఆయన సరిచేసి, ‘ఫిక్స్‌డ్’ అని మూసేశారు. మళ్లీ చూస్తే 12 వచ్చాయి.

ఇక్కడే చాలామంది టెస్టర్లు "ఇంకా పనిచేయడం లేదు" అని ఒక్క ముక్క రాసి రీఓపెన్ నొక్కేస్తారు. ఆ మాట నిజం కూడా కాదు. మూడు ఆర్డర్లు కొత్తగా కనిపిస్తున్నాయంటే ఫిక్స్ పనిచేసినట్టే, సగం దూరం వచ్చి ఆగింది. ఆ సగం ఎక్కడ ఆగిందో చెప్పకపోతే అవతలి మనిషి మొదటి నుంచి వెతుక్కోవాలి. తన మెషీన్‌లో ఒకసారి చూసి, బాగానే వస్తోందని మళ్లీ మూసేస్తాడు. అలా తెరుస్తూ మూస్తూ నెల గడిచిన టికెట్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి.

రీఓపెన్ నొక్కే ముందు నేను చూసుకునే మొదటి సంగతి, నా ముందున్నది కొత్త బిల్డేనా అని. డెవలపర్ నోట వచ్చే మొదటి ప్రశ్న ఎలాగూ అదే. పేజీ అడుగున ఉన్న బిల్డ్ నంబరు, టికెట్ మూసినప్పుడు ఆయన రాసిన నంబరు కలవాలి. బ్రౌజర్ పాత ఫైళ్లను దాచుకుని చూపిస్తోందేమో కూడా చూడాలి. ఈసారి రెండూ సరిగ్గానే ఉన్నాయి. తర్వాత పాత టికెట్‌లో రాసిన మెట్లనే, అదే డేటా కాపీ మీద, అక్షరం మార్చకుండా మళ్లీ చేశాను. ఇది ముఖ్యం. మెట్లు మారితే అది ఆ టికెట్ కాదు, ఇంకోటి.

ఇక సాక్ష్యం. స్క్రీన్‌షాట్ పెట్టి ఉంటే ఆయనకు కనిపించేది ఒకేలా ఉన్న రెండు బీదర్‌లు, ఒకటి వచ్చింది, ఒకటి రాలేదు. దానివల్ల అయోమయం పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఇలాంటి చోట అక్షరాల వెనక ఉన్న కోడ్‌లు చూపించాలి. బ్రౌజర్ కన్సోల్‌లో ఊరి పేరును `s` లో పెట్టుకుని ఈ ఒక్క వరుస నడిపితే చాలు:

```
[...s].map(c => "U+" + c.codePointAt(0)
  .toString(16).toUpperCase().padStart(4, "0")).join(" ")
```

14 ఆర్డర్లకూ ఇది నడిపితే మూడు గుంపులు తేలాయి. ఒక్కో గుంపు నుంచి ఒక్కటి చూపిస్తాను:

```
1142  U+0CAC U+0CC0 U+0CA6 U+0CB0 U+0CCD
1160  U+0CAC U+0CBF U+0CD5 U+0CA6 U+0CB0 U+0CCD
1187  U+0CAC U+0CC0 U+0CA6 U+0CB0 U+0CCD U+200C
```

మొదటిది మామూలుగా టైప్ చేసిన బీదర్. రెండోదాంట్లో ‘బీ’ మీది గుడిదీర్ఘం ఒక్క కోడ్‌గా కాకుండా గుడి వేరు, దీర్ఘం వేరుగా రెండు కోడ్‌లుగా ఉంది. దుకాణం పాత లెక్కలు యూనికోడ్ కాని పాత కన్నడ ఫాంట్లలో ఉండేవి. ఆ ఫాంట్లలో దీర్ఘం విడి బొమ్మ. వాటిని యూనికోడ్‌లోకి మార్చిన కన్వర్టర్ దాన్ని విడిగానే వదిలేసింది. యూనికోడ్ ప్రమాణం ప్రకారం ఈ రెండూ సమానమే. NFC అనే పద్ధతిలో నడిపితే రెండు ముక్కలూ కలిసి ఒకటవుతాయి. అన్న చేసిన ఫిక్స్ సరిగ్గా ఇదే, వెతికే పదానికీ దాచిన పదానికీ `normalize("NFC")` తగిలించారు. కొత్తగా వచ్చిన మూడు ఆర్డర్లూ ఈ గుంపువే.

మూడోదాని చివర ఉన్న U+200C కంటికి కనపడదు. పొల్లు పక్కనే హల్లు వస్తే అది ఒత్తుగా మారిపోకుండా ఆపడం దాని పని. ‘రాజ్‌కుమార్’ అని రాసినప్పుడు జ్ కింద క ఒత్తు రాకుండా ఉండేది దీనివల్లే, కన్నడంలోనూ అంతే. కొన్ని కీబోర్డుల అలవాటు వల్ల పదం చివరి పొల్లు తర్వాత కూడా ఇది వచ్చి కూర్చుంటుంది. NFC దీన్ని ముట్టుకోదు. అందుకే రెండు ఆర్డర్లు బయటే ఉండిపోయాయి.

ఈ కనపడని గుర్తు తెలుగువాళ్లకు మరీ కొత్తదేం కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం చూపించబోయి ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయని లోకమంతా గోల అయింది. మన కీబోర్డులో మామూలుగా జ్ఞా కొడితే ఏమీ అయ్యేది కాదు. ఞ ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య ఇదే U+200C దూరిన జ్ఞాతోనే ఆ తంటా. ఆ ఫిబ్రవరి 19న iOS 11.2.6 విడుదలతో దాన్ని సరిచేశారు. ఫొటో చూసి ఆ బగ్‌ను మళ్లీ తెప్పించాలని కూర్చున్నవాడికి ఎన్నిసార్లు టైప్ చేసినా చిక్కి ఉండదు.

రెండు గుంపుల మధ్య తేడా కనిపించినంత మాత్రాన కారణం అదేనని తేలదు. అందుకని 1187ను కాపీ చేసి, చివరి U+200C ఒక్కటి తీసి, ఇంకేమీ మార్చకుండా సేవ్ చేశాను. వెతికితే వచ్చింది. 1142 కాపీకి అదే గుర్తు తగిలించాను. మాయమైంది. మొదట్లో చెప్పిన నాలుగో రకం, అంటే దీర్ఘం విడిపోయి చివర ఈ గుర్తు కూడా ఉన్నది, దుకాణం డేటాలో లేదు. నేనే ఒక రికార్డు చేసి చూస్తే అదీ రాలేదు. ఇంత చేశాక రాసిన కామెంట్ ఇది:

"అన్నా, నమస్తే. ఈ టికెట్‌ను మళ్లీ తెరుస్తున్నాను. దీర్ఘం విడిగా ఉన్న మూడు ఆర్డర్లూ ఇప్పుడు వస్తున్నాయి, ఆ భాగం సరిపోయింది. మొత్తం 12 వస్తున్నాయి, 14 రావాలి. మీరు రాసిన బిల్డే, పాత మెట్లే, అదే డేటా కాపీ. రానివి 1187, 1203. రెండింట్లోనూ ఊరి పేరు చివర U+200C ఉంది, కోడ్‌లు కింద పెట్టాను. కాపీలో ఆ ఒక్క గుర్తు తీస్తే ఆర్డర్ వస్తోంది, వచ్చేదానికి తగిలిస్తే పోతోంది. కాపీలను అలాగే ఉంచాను, మీరూ చూడొచ్చు. ఒక్క మాట, దాచిన డేటాలో ఆ గుర్తును తీసేస్తే రాజ్‌కుమార్ లాంటి పేర్ల రాత మారిపోతుంది."

మర్యాద అంటే "ఏమీ అనుకోకండి", "డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ" అని నాలుగు మాటలు ముందు తగిలించడమని కొందరి లెక్క. నాకు అవి అడ్డమే అనిపిస్తాయి, చదివేవాడు అసలు సంగతి కోసం వాటిని దాటుకుంటూ పోవాలి. పైగా అంత సంకోచం చూస్తే ఇదేదో తన మీద ఫిర్యాదు కాబోలు అనుకుంటాడు. పనిచేసిన భాగాన్ని పనిచేసిందని ముందే చెబితే, ఆయన పడ్డ శ్రమను చూశానని తెలుస్తుంది, మళ్లీ అటు వెతకక్కర్లేదనీ తెలుస్తుంది. తర్వాత వాక్యానికి కర్త ఎవరో చూసుకుంటాను. "మీరు సరిగ్గా చేయలేదు" అంటే కర్త ఆయన. "12 వస్తున్నాయి" అంటే కర్త ఆర్డర్లు. ఆర్డర్లకు కోపం రాదు.

చివరి మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాను. ఫిక్స్ ఎలా చేయాలో చెప్పడం టెస్టర్ పని కాదని నా పట్టుదల. కానీ ఇక్కడ తేలికైన దారి డేటా మొత్తంలో U+200C ఏరిపారేయడం, ఎవరికైనా మొదట తోచేదీ అదే. అది చేస్తే ఆర్డర్లు 14 వస్తాయి, టికెట్ మూతపడుతుంది. ఆ తర్వాత పార్సిల్ చీటీల మీద ఖాతాదారుల పేర్లు ఒత్తులతో అచ్చవుతాయి. పోల్చడానికి తయారుచేసుకునే పదంలోంచి తీస్తే ఆ బెడద లేదు. దారి నేను చెప్పలేదు, గొయ్యి ఎక్కడుందో మాత్రం చెప్పాను.

దీనికి కొత్త టికెట్ రాసి ఉండొచ్చు కదా అని నన్నడిగినవాళ్లు ఉన్నారు. కొన్ని ఆఫీసుల్లో రీఓపెన్‌లు లెక్కపెట్టి డెవలపర్ ఖాతాలో వేస్తారు. ఆ మచ్చ పడకూడదని టెస్టర్లు మంచితనానికి పోయి కొత్తది తెరుస్తారు. దాంతో NFC వరకు జరిగిన కథ ఒకచోట, మిగిలిన రెండు ఆర్డర్లు ఇంకోచోట పడతాయి. ఆరునెలల తర్వాత చూసేవాడికి ఆ రెంటికీ సంబంధం తెలియదు. లెక్కపెట్టడమే తప్పని అనుకుంటాను గానీ, దానికి భయపడి చరిత్రను ముక్కలు చేయడం నాకు నచ్చదు. పాత మెట్లు పాత డేటా మీద ఇంకా తప్పు ఫలితమే ఇస్తుంటే అది పాత టికెట్టే.

అన్న జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. తన దగ్గరా అలాగే వస్తోందన్నారు. ఇంతకుముందు తను తెలుగులో బీదర్ కొట్టి చూశానని, అప్పుడు అంతా సరిగ్గా వచ్చిందని రాశారు. అందులో వింత లేదు. తెలుగు గుడిదీర్ఘం ఎప్పుడూ ఒకే కోడ్, విడిపోయే సమస్య దానికి లేదు. మనకు అలా విడిపోయేది ఐత్వం, U+0C48 అయినా కావచ్చు, U+0C46 U+0C56 అయినా కావచ్చు. కాబట్టి ఆయన పరీక్షించాల్సింది బీదర్‌తో కాదు, తను కూర్చున్న హైదరాబాద్‌తో. అది రాశాను, నవ్వే బొమ్మ ఒకటి పెట్టారు.

మర్నాటి బిల్డ్‌లో 14 వచ్చాయి, నేను చేసిన నాలుగో రకమూ వచ్చింది. చీటీ మీద పేర్లు చెక్కుచెదరలేదు. టికెట్ మూశాక ఆయన ఇంకో కామెంట్ పెట్టారు, ఖాతాదారు పేరుతో వెతికే చోట కూడా ఇదే చిక్కు ఉన్నట్టుందని, దీన్నే మళ్లీ తెరవమంటారా అని. చూశాను, ఉంది. కానీ ఆ మెట్లు వేరు, గడి వేరు. "వద్దన్నా, దానికి కొత్తది రాస్తాను" అన్నాను.