ప్రకటన అడిగిందే పైన ఉండాలి

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కెమిస్ట్రీ చదివిన పిల్లలకి ఉద్యోగం అనగానే గుర్తొచ్చే ఊరు పైడిభీమవరం. రణస్థలం మండలంలో హైవేని ఆనుకుని ఉన్న ఆ పారిశ్రామికవాడలో ఏదో ఒక మందుల కంపెనీ వాక్-ఇన్ పెట్టిందంటే పొద్దున్నే ఫైళ్ళతో లైను కడతారు. క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో చాలాకాలం పనిచేసి, ఇంటర్వ్యూల్లో బల్లకి అటువైపు కూర్చున్నవాణ్ణి నేను. కట్టలకొద్దీ రెజ్యూమెలు ముందుంటే, మొదటి విడతలో ఎవరూ రెండో పేజీ దాకా వెళ్ళరు. పేజీ పైనున్న నాలుగు వాక్యాల సమ్మరీ చదివి, ఈ మనిషిని లోపలికి పిలవాలా వద్దా అన్నది తేల్చుకుంటారు.

ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కువమంది రాసేది ఒక్కటే: సవాళ్ళతో కూడిన ఉద్యోగం కోరుకుంటున్నాను, కష్టపడే తత్వం ఉంది, జట్టులో కలిసి పనిచేస్తాను. బ్యాంకుకి పంపినా, బడికి పంపినా, బల్క్ డ్రగ్ కంపెనీకి పంపినా ఈ మాటలు మార్చక్కర్లేదు. కనకనే అవి ఎవరికీ ఏమీ చెప్పవు.

ఈమధ్య నెల్లిమర్ల వైపు నుంచి ఒకమ్మాయి తన రెజ్యూమె పట్టుకొచ్చింది. ఎమ్మెస్సీ ఎనలిటికల్ కెమిస్ట్రీ చదివి, మాత్రలు తయారుచేసే ఒక ఫార్ములేషన్ కంపెనీ క్యూసీలో మూడేళ్ళుగా చేస్తోంది. ఇంటికి దగ్గరని పైడిభీమవరంలో బల్క్ డ్రగ్ యూనిట్‌కి పెడదామనుకుంటోంది. "పైన ఏటి రాయాలి మాస్టారూ?" అంది. "నీ రెజ్యూమె తర్వాత చూద్దాం తల్లీ, ముందు వాళ్ళ ప్రకటన తియ్యి" అన్నాను.

ప్రకటనలో ఉన్నది ఇది. క్యూసీ ఆఫీసర్, ఏపీఐ యూనిట్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, రెండు నుంచి నాలుగేళ్ళ అనుభవం. హెచ్‌పీఎల్‌సీ, జీసీ మీద స్వయంగా పనిచేసి ఉండాలి. రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్, రెసిడ్యువల్ సాల్వెంట్స్ పరీక్షలు తెలియాలి. డేటా ఇంటిగ్రిటీ మీద అవగాహన, ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్లలో అనుభవం ఉండాలి. షిఫ్టులు చెయ్యాలి. చివర్లో కమ్యూనికేషన్ స్కిల్స్, ఎంఎస్ ఆఫీస్.

ఇందులో అన్నిటికీ ఒకటే బరువు లేదు. చదువు, అనుభవం గేటు దాటడానికి ఉండాల్సినవి. కమ్యూనికేషన్, ఆఫీస్ ప్రతి ప్రకటన చివరా కనిపించేవే. అసలు అవసరం ఏమిటో తెలియాలంటే, రెండు వేర్వేరు మాటల్లో ఒకే పని ఎక్కడ వచ్చిందో చూడాలి. ఇక్కడ జీసీ అన్నారు, మళ్ళీ రెసిడ్యువల్ సాల్వెంట్స్ అన్నారు. రెండూ ఒకటే పని. బల్క్ డ్రగ్ అంటే మందుకి మూలపదార్థం. దాన్ని మెథనాల్, టోలుయిన్ లాంటి ద్రావకాల్లో తయారుచేస్తారు. ఆరబెట్టాక కూడా అవి కొంత మిగిలిపోతాయి. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మెథనాల్ 3000 పీపీఎం, టోలుయిన్ 890 పీపీఎం మించకూడదు. అది తేల్చేది జీసీయే. మాత్రల కంపెనీలో డిసల్యూషన్‌కి ఎంత పని ఉంటుందో, బల్క్ డ్రగ్‌లో జీసీకి అంత పని ఉంటుంది.

ఆ అమ్మాయి పాత సమ్మరీ డిసల్యూషన్‌తోనే మొదలైంది. తర్వాత డిసింటిగ్రేషన్, యూవీ, హెచ్‌పీఎల్‌సీ వరసగా ఉన్నాయి. జీసీ మాటే లేదు. చదివినవాళ్ళు "ఈ పిల్ల మాత్రల మనిషి" అనుకుని పక్కన పెట్టేస్తారు. చేసిన పని అబద్ధం కాదు. ఈ ఉద్యోగానికి ఆ వరస పనికిరాదు.

కాగితం మధ్యలో గీత గీయించాను. ఎడమవైపు ప్రకటన అడిగిన అయిదు పనులు, కుడివైపు వాటికి ఎదురుగా తను చేసిన పని. హెచ్‌పీఎల్‌సీ, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్‌ల ఎదురుగా రాయడానికి బోలెడుంది, రోజూ చేసేదే. ఓఓఎస్, అంటే ఫలితం హద్దు దాటినప్పుడు జరిగే విచారణ. అందులో మొదటి దశ ల్యాబు విచారణలో పాల్గొంది. జీసీ దగ్గర పెన్ను ఆగింది. "జీసీ ఎక్కువ చెయ్యలేదు మాస్టారూ, ముడిసరుకు సెక్షన్లో ఆర్నెల్లు వేశారు, అంతే" అంది. ఆ ఆర్నెల్ల పని రెజ్యూమె లోపల ఎక్కడా లేదు. ముందు దాన్ని అనుభవం కింద ఒక లైనుగా రాయించి, ఆ తర్వాతే పైకి తెచ్చాం.

ఇంగ్లీషులో రాసుకున్న కొత్త సమ్మరీ సారం తెలుగులో ఇది: "ఎమ్మెస్సీ ఎనలిటికల్ కెమిస్ట్రీ, క్యూసీలో మూడేళ్ళు, రోజువారీ హెచ్‌పీఎల్‌సీ పని, ముఖ్యంగా ఎస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్. ముడిసరుకులో రెసిడ్యువల్ సాల్వెంట్స్‌కి హెడ్‌స్పేస్ జీసీ మీద ఆర్నెల్లు. ఎంపవర్ సాఫ్ట్‌వేర్‌లో సొంత లాగిన్‌తో, ఆడిట్ ట్రయల్ ఉన్న సిస్టమ్‌లో పని. ఓఓఎస్ మొదటి దశ విచారణల్లో పాల్గొన్నాను, మూడు షిఫ్టులూ చేశాను." డిసల్యూషన్ పోలేదు, కిందికి దిగి అనుభవంలో తన చోట తను ఉంది.

డేటా ఇంటిగ్రిటీ అన్న మాటని ఇందులో ఎక్కడా వాడలేదని గమనించండి. "డేటా ఇంటిగ్రిటీ తెలుసు" అని ఎవరైనా రాయగలరు. సొంత లాగిన్, ఆడిట్ ట్రయల్ అంటే, పని చేసినవాళ్ళు మాట్లాడుతున్నారని ల్యాబు మనిషికి ఇట్టే తెలుస్తుంది. హెచ్‌పీఎల్‌సీ, జీసీ లాంటి పరికరాల పేర్లు మాత్రం ప్రకటనలో ఎలా ఉంటే అలాగే రాయాలి. మొదటి విడత చూసేది హెచ్‌ఆర్ వాళ్ళు కావచ్చు, వాళ్ళు ఆ పేర్లకోసమే వెతుకుతారు.

పైన రాసిన ప్రతి మాటా ఇంటర్వ్యూలో ప్రశ్నగా మారుతుంది. హెచ్‌పీఎల్‌సీ అని ఉంటే, ఏ కాలమ్ వాడావు, పొడవెంత, మొబైల్ ఫేజ్ ఏమిటి, సిస్టమ్ సూటబిలిటీలో టెయిలింగ్ ఎంతలోపు ఉండాలి అని అడుగుతాం. పని చేసినవాళ్ళు సీ18, 250 మిల్లీమీటర్లు, టెయిలింగ్ 2 మించకూడదు అని తడుముకోకుండా చెబుతారు. ప్రకటనలోంచి ఎత్తి రాసుకున్నవాళ్ళు కాలమ్ దగ్గరే ఆగిపోతారు. అందుకే ఆర్నెల్ల జీసీని ఆర్నెల్లనే రాయించాను. "జీసీలో నిపుణురాలు" అని ఉంటే అడిగే ప్రశ్నలు వేరు, "ఆర్నెల్లు" అని ఉంటే అడిగేవి వేరు.

అదే అమ్మాయి రేపు క్యూఏకి పెడితే ఈ సమ్మరీ నడవదు. అక్కడ ఓఓఎస్, డాక్యుమెంట్లు ముందుకొస్తాయి, పరికరాలు వెనక్కి వెళతాయి. చదువు ఇప్పుడే ముగించినవాళ్ళకి రెండు వాక్యాలు చాలు. ప్రాజెక్టులో ఏ పరికరం మీద ఏ పదార్థాన్ని పరీక్షించారో రాస్తే సరి. అయిదు అవసరాల్లో ఒక్కదానికీ ఎదురుగా ఏమీ రాయలేకపోతే ఆ ఉద్యోగం మీది కాదు. సమ్మరీని ఎంత దిద్దినా లాభం ఉండదు.

రాయడం అయ్యాక ఒక పరీక్ష పెట్టుకోండి. ఏ పోస్టుకి పెడుతున్నారో చెప్పకుండా ఆ నాలుగు వాక్యాల్నే అదే రంగంలో ఉన్న స్నేహితుడి చేతిలో పెట్టండి. ఏ ఉద్యోగానికో అతను చెప్పగలగాలి. తర్వాత ఒక్కో మాట దగ్గర వేలు పెట్టి, ఇది కింద ఏ లైనులో ఉందని అడగమనండి. లైను చూపించలేని మాటని అక్కడికక్కడే కొట్టెయ్యండి.