16 కిలోబిట్లలో ఒక గొంతు

ఓపస్ కోడెక్‌ను విప్పి చూస్తే లోపల రెండు యంత్రాలు కనిపిస్తాయి. ఒకటి స్కైప్ వాళ్లు మాట కోసం తయారుచేసిన సిల్క్, రెండోది జిఫ్ సంస్థ సంగీతాన్నీ దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన సెల్ట్. ఈ రెంటినీ కలిపి 2012లో RFC 6716 పేరుతో ప్రమాణంగా ప్రకటించారు. నెమ్మది నెట్‌వర్కు మీద ప్రవచనమో రైతుల కోసం సలహా కార్యక్రమమో వినిపించాలనుకునేవారికి ముందుగా తెలియాల్సింది సిల్క్ పనితనం.

సిల్క్ ధ్వని తరంగాన్ని ఉన్నదున్నట్టు పంపదు. మాట ఎలా పుడుతుందో ఆ పద్ధతినే అనుకరిస్తుంది. స్వరతంత్రుల కంపనం నోటిలో ప్రతిధ్వనించి అక్షరమవుతుంది కదా. సిల్క్ మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుని, ఒక్కో ముక్కలో నోటి ఆకారాన్ని 16 గుణకాలతో వర్ణిస్తుంది. కంపనం ఎంతసేపటికోసారి తిరిగి వస్తోందో మరో అంకెగా రాసుకుంటుంది. ఈ రెండూ ఊహించలేకపోయిన మిగులును మాత్రమే బిట్లుగా మారుస్తుంది. అవతలి ఫోను ఆ వర్ణనను చదివి గొంతును మళ్లీ కట్టుకుంటుంది. ఊహ ఎంత బాగా కుదిరితే మిగులు అంత తక్కువ, బిట్లూ అంత తక్కువ.

ఈ పొదుపును ఎంతవరకు లాగవచ్చో మన అక్షరాలే చెబుతాయి. పాత టెలిఫోను 4 వేల హెర్ట్జ్ లోపలి ధ్వనినే మోసేది. ల, ళల తేడా 2, 3 వేల హెర్ట్జ్‌ల దగ్గరే ఉంటుంది కాబట్టి అక్కడా బతుకుతుంది. ‘స’ బలమంతా 4 వేలకు పైన. అందుకే ఫోనులో పేరు చెప్పేటప్పుడు ‘సీతలో స’ అని విడమరచాల్సి వచ్చేది. 8 వేల వరకు పంపితే ఆ అవసరం పోతుంది. మాటకు ఈ వెడల్పు హాయిగా రావాలంటే 16 నుంచి 20 కిలోబిట్లు పెట్టమని ఓపస్ సిఫారసు. కొత్త లైబ్రరీలు 9 దగ్గరే ఈ వెడల్పు ఇవ్వగలవు కానీ, గంటసేపు వినేవారికి నేను అంత కిందికి దిగను.

మరి 24గానీ 32గానీ ఎందుకు కాదు? రోజు కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. అందులో చేతికి నిలకడగా అందేది 40 అనుకుందాం. 32 అందులో ఇమిడిపోతుంది. కానీ అసలు చిక్కు ఇమడడంలో లేదు, తేరుకోవడంలో ఉంది. వినేవారి బస్సు గుట్ట చాటుకు వెళ్లి 10 సెకన్లు సిగ్నల్ పోయిందంటే, ఫోనులో నిల్వ ఉన్న ధ్వని 10 సెకన్లు తరిగిపోతుంది. 32తో పంపుతుంటే ఆ లోటు 320 కిలోబిట్లు, పూడ్చడానికి మిగిలేది సెకనుకు 8, అంటే 40 సెకన్లు పడుతుంది. 24తో అయితే 15 సెకన్లు. 16తో అయితే 160ని 24తో పూడుస్తాం, 7 సెకన్లలోపే నిల్వ నిండుతుంది. రెండో గుట్ట వచ్చేసరికి ఫోను సిద్ధంగా ఉంటుంది. బిట్‌రేటును సగం చేస్తే తేరుకునే వేగం ఆరు రెట్లు పెరగడం నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

ప్రయోగానికి ఈ ఆదేశం చాలు:

```
ffmpeg -i in.wav -ac 1 -c:a libopus \
  -application voip -b:a 16k -vbr constrained \
  -cutoff 8000 -frame_duration 60 out.opus
```

ఒక్క గొంతుకు ఒక్క ఛానెల్ చాలు కనుక `-ac 1`. `-cutoff 8000` లేకపోతే కొత్త ఎన్‌కోడరు పై ధ్వనుల కోసం సెల్ట్‌నూ రంగంలోకి దించి, ఉన్న కాస్త బిట్లనూ పంచేస్తుంది. 60 మిల్లీసెకన్ల ప్యాకెట్ వల్ల కొంత పైఖర్చు తగ్గుతుంది, ఆలస్యం కొద్దిగా పెరుగుతుంది. ఎలాగూ పదిపన్నెండు సెకన్ల నిల్వతో వినేవారికి అది తెలియదు. ఓపస్‌లో పోయిన ప్యాకెట్‌ను పక్క ప్యాకెట్‌లోని నకలుతో నింపే ఏర్పాటు కూడా ఉంది. ఫోన్ సంభాషణలో అది ప్రాణం. HTTP ద్వారా పంపేటప్పుడు మాత్రం పోయినదాన్ని TCPయే మళ్లీ తెస్తుంది, నకలుకు బిట్లు ఖర్చు పెట్టడం వృథా. అందుకే దాన్ని ఆపే ఉంచాలి.

16 సరిపోని చోట్లు వింటేనే తెలుస్తాయి. సిల్క్ ఒక్క కంపనాన్నే ఊహిస్తుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడినా, వెనక తంబురా మోగినా ఊహ తప్పుతుంది, మిగులు పెరుగుతుంది, గొంతు గరగరలాడుతుంది. అలాంటి కార్యక్రమమైతే 24కు వెళ్లాల్సిందే. ఒంటరి గొంతు కూడా గరగరలాడుతుంటే బిట్‌రేటు పెంచేముందు గదిని చూడాలి. ఫ్యాను హోరుకు ఊహకందే కంపనమేదీ లేదు, అది మాట వంతు బిట్లను తినేస్తుంది. ఫ్యాను ఆపి, మైకును నోటికి జానెడు దూరానికి తెచ్చి, అదే వాక్యాన్ని అదే 16లో మళ్లీ రికార్డు చేసి వినండి. ‘స’ తేటగా వినిపిస్తుంది.