మిత్తి అసలులో ఎప్పుడు కలుస్తుంది?

మా నల్లగొండ, పాలమూరు వైపు చేబదుళ్ల దగ్గర శాతాల మాట రాదు. నెలకు నూటికి ఎంత అన్నదే లెక్క. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. పోస్టాఫీసుకు పోతే అన్నీ ఏడాది శాతాలే. ఈ రెండింటి మధ్య తిరిగేవాళ్లకు 72 సూత్రం చాలా ఆసరా. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము రెట్టింపయ్యే ఏళ్లు వస్తాయి. ఇది పాతకాలపు లెక్క. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పచోలీ గణిత గ్రంథంలోనే ఉంది. అప్పటికి లాగరిథమ్‌లే లేవు, నేపియర్ వాటిని ప్రకటించింది 1614లో.

కిసాన్ వికాస్ పత్ర మీద దీన్ని సరిచూడొచ్చు. 2023 ఏప్రిల్‌లో దాని రేటు 7.5 శాతం చేసి, 115 నెలల్లో రెట్టింపు అన్నారు. 72ను 7.5తో భాగిస్తే 9.6 ఏళ్లు, అంటే 115 నెలల మీద ఆరు రోజులు. ఫోన్ కాలిక్యులేటర్‌లో `ln(2) ÷ ln(1.075)` కొడితే 9.58 ఏళ్లు, సరిగ్గా 115 నెలలు. ఇదే పత్రం 1988లో మొదలైనప్పుడు ఐదున్నరేళ్లకే రెట్టింపయ్యేది. అప్పటి రేటు దాదాపు 13.43 శాతం. సూత్రం ప్రకారం 64 నెలలే రావాలి. నిజానికి పట్టింది 66.

ఆ రెండు నెలల తేడాకు కారణం ఉంది. వడ్డీ క్షణక్షణం అసలులో కలుస్తుంటే భాగించాల్సిన అంకె 69.3. ఏడాదికి ఒక్కసారే కలిస్తే సొమ్ము నిదానంగా పెరుగుతుంది కాబట్టి ఇంకా పెద్ద అంకె కావాలి. రేటు పెరిగేకొద్దీ ఆ అంకె కూడా పెరుగుతుంది. 72 సరిగ్గా సరిపోయేది 8 శాతం దగ్గరే. అక్కడి నుంచి రేటు మూడు శాతం పెరిగినప్పుడల్లా 72కు ఒకటి కలుపుకుంటే చాలు. 24 శాతానికి 77.33 వస్తుంది. దాన్ని 24తో భాగిస్తే 3.22 ఏళ్లు. లాగరిథమ్ చెప్పేదీ అదే. ఇంతవరకు తప్పు చిన్నదే, దిద్దుకోవడమూ తేలికే.

పెద్ద తప్పు వేరేచోట ఉంది. బత్తాయి తోటలో బోరు కోసం అప్పు తెచ్చిన ఒక రైతు నన్ను అడిగాడు: “అన్నా, రెండు రూపాయల మిత్తికి తెస్తే మూడేండ్లకు డబల్ అయితదంటున్నరు, నిజమేనా?” ఎవరో 72ను 24తో భాగించి చెప్పారన్నమాట. నేను తిరిగి అడిగింది ఒక్కటే: “మిత్తి అసల్ల ఎప్పుడు కలుపుతున్నరు?” 72 సూత్రమైనా, లాగరిథమ్ అయినా చక్రవడ్డీకే పనికొస్తాయి. మన ప్రామిసరీ నోట్ల మీద నడిచేది ఎక్కువగా బారు వడ్డీ.

లక్ష రూపాయల నోటు తీసుకుందాం. నెలకు రెండు వేల మిత్తి. బారు వడ్డీ అయితే 50 నెలలకు గాని రెండు లక్షలు కాదు. సూత్రం చెప్పిన 36 నెలలకూ దీనికీ ఏడాదికి పైగా తేడా. నెలనెలా మిత్తిని అసలులో కలిపేవాళ్ల దగ్గరైతే 35 నెలలకే రెట్టింపవుతుంది. అక్కడ రేటును నెలకు 2గా తీసుకుని 72ను భాగించినా 36 వస్తుంది, తప్పు ఒక్క నెలే.

మన ఊళ్లలో ఎక్కువగా జరిగేది మాత్రం ఈ రెండూ కాదు. మామూలు ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. అందుకే గడువు దగ్గర పడగానే నోటు తిరగరాస్తారు. మూడేళ్ల మిత్తి 72 వేలు అప్పుడు అసలులో కలుస్తుంది. కొత్త నోటు లక్షా 72 వేలకు. ఇక నెల మిత్తి 3,440 రూపాయలు. మిగిలిన 28 వేలు నిండడానికి ఎనిమిది నెలల పైచిలుకు చాలు. అంటే 44 నెలలకు రెట్టింపు. చక్రవడ్డీయే, కాకపోతే చక్రం మూడేళ్లకోసారి తిరుగుతుంది. ఈ జవాబు రావాలంటే నోటు మీది తేదీ చూడాల్సిందే.

ఆరేళ్లు పోయేసరికి అసలు బరువు తెలుస్తుంది. నోటు ఒక్కసారి కూడా తిరగరాయకపోతే బాకీ 2,44,000. మూడో ఏట తిరగరాస్తే 2,95,840. ఆ 51,840 రూపాయలు కలిసిన 72 వేల మీద మళ్లీ పడిన మిత్తి.

నోటు బతకడానికి తిరగరాయడం ఒక్కటే దారి కాదు. గడువు లోపల అప్పు తీసుకున్నవాళ్లు కొంత సొమ్ము కట్టి, ఆ చెల్లును నోటు వెనక రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుంది. ఇచ్చినవాళ్ల హక్కు పోదు, మిత్తీ అసలులో కలవదు. ఆ రైతుకు ఇదే చెప్పాను: “కొత్త నోటు మీద సంతకం పెట్టకముందు, పాత నోటు మీద చెల్లు వేయించుకుంటరా అని అడుగు.”