అర్థం ఉంది, మాట రాదు: చెరువు మాటల్ని వెతికి పట్టే పద్ధతి

మరచిపోయిన మాటను వెతికే మనిషి దగ్గర సాధారణంగా అర్థం ఉంటుంది. లేనిది మాట ఒక్కటే. మామూలు నిఘంటువు అతనికి పనికిరాదు, ఎందుకంటే అందులోకి వెళ్లే దారి మాట మొదటి అక్షరం. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం తెరవాలన్నా ముందు ఆ అక్షరం తెలియాలి. అర్థం వైపు నుంచి మాట దగ్గరికి చేర్చే పుస్తకాన్ని విలోమ నిఘంటువు అనవచ్చు. ఇంగ్లీషులో థియొడోర్ బెర్న్‌స్టైన్ 1975లో ఇలాంటి పుస్తకాన్ని ఆ పేరుతోనే తెచ్చాడు.

తెలుగువారికి ఈ దారి అంతకు చాలా ముందే తెలుసు. అమరకోశంలో అకారాది క్రమం లేదు. మాటలు వర్గాలుగా ఉంటాయి. నీటికి సంబంధించినవన్నీ మొదటి కాండం చివర వారివర్గంలో చేరతాయి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం కూడా దేవ, మానవ, స్థావర వర్గులంటూ ఇదే తీరులో తెలుగు మాటలను పద్యాల్లో కూర్చింది. చదువుకున్నవాడు వర్గాన్ని కంఠస్థం చేస్తాడు, అవసరమైనప్పుడు ఆ వర్గంలోకి వెళ్లి మాట తీసుకుంటాడు. అయితే అక్కడ దొరికేది ఎక్కువగా కావ్యాల్లో వాడే మాటే. కట్ట మీద నడిచే రైతు నోటి మాట ఆ వర్గాల్లో అరుదు.

ఆ రైతు మాటలు దండిగా ఉన్న నేల జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు. 2016 వరకు వీటిలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లాలోనిదే. కాకతీయుల కాలం చెరువులు ఇక్కడ ఇంకా ఉన్నాయి. గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, గణపసముద్రం భూపాలపల్లి జిల్లా ఘణపురంలో ఉంది. ఇక్కడి చెరువు మాటల్లో ఒకదాన్ని తీసుకుంటే వెతుకులాట ఎలా నడుస్తుందో స్పష్టమవుతుంది.

ఊరు వదిలి ఏళ్లయిన ఒక మనిషికి మాట గుర్తు రావడం లేదనుకుందాం. అతను చెప్పగలిగింది ఇంతే: ‘చెరువుల నీళ్లు బయటికి పోయే జాగ.’ మొదట తేల్చుకోవలసింది ఆ మాట మనిషి పేరా, పని పేరా, వస్తువు పేరా, చోటు పేరా అన్నది. ‘జాగ’ అన్నాడు కాబట్టి చోటు. దీనితో నీటిని పంచే నీరటి, పొలానికి చేరే నీళ్లు పక్కకు పోతాయి. అయినా మిగిలిన వర్ణనకు ఒకటి కాదు, నాలుగు మాటలు సరిపోతాయి: తూము, మత్తడి, గండి, బుంగ. నాలుగింటిలోనూ నీళ్లు బయటికే పోతాయి.

వెతకడం తెలియనివారు ఇక్కడే పొరపడతారు. వాళ్లు అదే వర్ణనను ఇంకా పెంచుతారు: చాలా నీళ్లు పోతాయి, జోరుగా పోతాయి, వానాకాలంలో పోతాయి అంటారు. పెంచితే లాభం లేదు, విడదీసే ప్రశ్న కావాలి. ఆ చోటు మనిషి కట్టిందా, తానై ఏర్పడిందా? తానై ఏర్పడితే గండి, లేదా బుంగ. కట్ట తెగి నీళ్లు పోతే గండి, కట్టలో బొక్క పడి కారితే బుంగ. మనిషి కట్టిందైతే, నీళ్లను ఎప్పుడు వదలాలో మనిషి నిర్ణయిస్తాడా? నిర్ణయిస్తే తూము. చెరువు నిండిన తర్వాత ఎక్కువైన నీళ్లు వాటంతట అవే పొర్లిపోతే మత్తడి. రెండు మూడు ప్రశ్నలతో నాలుగు మాటలూ విడిపోయాయి. వర్ణనలో లేని ‘నిండిన తర్వాత’ అన్న ఒక్క ముక్కే అసలు గుర్తు.

అర్థం ఇంతవరకు తెస్తుంది. మిగతా పని శబ్దానిది. 1966లో హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ విద్యార్థులకు అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, మాట అడిగారు. మాట నోటిదాకా వచ్చి ఆగినవారు కూడా సగానికి పైగా సందర్భాల్లో మొదటి అక్షరాన్ని సరిగ్గా చెప్పారు. మాటలో ఎన్ని పలుకులున్నాయో కూడా చాలాసార్లు చెప్పగలిగారు. అంటే మరుపులో మాట పూర్తిగా పోదు, దాని రూపం తునకలుగా మిగులుతుంది. తెలుగులో అడగదగిన తునకలు ఇవి: ఎన్ని అక్షరాలు, మధ్యలో ఒత్తు ఉందా, చివర ఇకారమా ఉకారమా? మూడక్షరాలు, నడుమ ఒత్తు, చివర ఇకారం అన్నాడంటే తూము, గండి, బుంగ వాటంతటవే తొలగిపోతాయి. ఒక్కోసారి ధ్వనిలో దగ్గరగా ఉన్న వేరే మాట అడ్డం వచ్చి కదలదు. ‘మద్దతు’ అన్న మాటే మళ్లీ మళ్లీ నోటికొస్తుంటే దానితో పెనుగులాడకుండా కాసేపు వేరే పనిలో పడటం మంచిది.

తెలుగులో ఇంతకంటే గట్టి ఆనవాలు ఇంకొకటి ఉంది. అది ఆ మాట వెంట నడిచే క్రియ. గండి పడుతుంది, బుంగ పడుతుంది. తూము తెరుస్తారు, మూస్తారు. మత్తడి మాత్రం దుంకుతుంది. నామవాచకం మరచినవారికి కూడా ‘చెరువు నిండి … దుంకింది’ అన్న వాక్యం ఖాళీతో సహా గుర్తుంటుంది. ‘వాన బాగా పడ్డప్పుడు ఊళ్లో జనం చెరువు గురించి ఏమనేవారు?’ అని అడిగితే చాలాసార్లు ఖాళీ తనంతట తాను నిండుతుంది. నేరుగా ‘దాని పేరేంటి’ అని అడిగితే రాని మాట వాక్యంలో పడి వచ్చేస్తుంది.

యంత్రంతో వెతికేటప్పుడు తెలుగుకు రెండు చిక్కులున్నాయి. సరళమైన విలోమ నిఘంటువు వర్ణనలోని మాటలను నిఘంటువులోని అర్థవివరణలతో పోల్చి, ఎక్కువ మాటలు కలిసిన పదాన్ని ముందు చూపుతుంది. కానీ అడిగేవాడు ‘జాగ’ అంటాడు, పుస్తకం ‘స్థలము’ అంటుంది. అతను ‘నీళ్లు’ అంటాడు, అక్కడ ‘నీరు’, ‘నీటి’, ‘జలము’ ఉంటాయి. విభక్తులు తీసి, పర్యాయపదాలు చేర్చి వెతకకపోతే కలిసేది ‘చెరువు’ ఒక్కటే, అప్పుడు చెరువు మాటలన్నీ కుప్పగా వచ్చిపడతాయి. రెండో చిక్కు ఇంకా పెద్దది. ఊరి మాట అసలు నిఘంటువులోకి ఎక్కకపోతే ఎంత మంచి వర్ణన ఇచ్చినా అది దొరకదు. ఈ లోటు తీర్చేందుకే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం చేపట్టి, 1962లో వ్యవసాయ పదాల సంపుటం వెలువరించింది. వృత్తిని ముందు పెట్టి, దాని లోపలి పనులను, పనిముట్లను బట్టి జనం నోటి మాటను సేకరించిన ప్రయత్నమది.

దొరికిన మాట సరైనదేనా అని తేల్చడమూ పనిలో భాగమే. ఒకే వర్ణనకు ప్రాంతాన్ని బట్టి జవాబు మారుతుంది. వరంగల్ వైపు మత్తడి అన్నదాన్ని చాలాచోట్ల అలుగు అంటారు, రాయలసీమలో మరవ అంటారు. మూడూ సరైనవే. కాని బయ్యారం రైతు మరచినది మరవ కాదు. పరీక్ష కోసం మాటను ముందే అందించకూడదు. ‘మత్తడేనా?’ అంటే మర్యాదకైనా అవునంటారు. వర్ణన మాత్రమే చెప్పి, ఒకే ఊళ్లోని ఇద్దరు పెద్దలను విడివిడిగా అడగాలి. ఇద్దరూ ఒకే మాట అని, దాన్ని ఒకే క్రియతో వాడితే ఆ మాట ఆ ఊరిదే. వేర్వేరు మాటలు వస్తే, వాటి మధ్య తేడా ఏమిటో వాళ్లనే అడగాలి. మోట లాంటి పనిముట్ల దగ్గర ఈ పరీక్ష కష్టమవుతోంది. బావుల మీదికి కరెంటు మోటార్లు వచ్చాక మోట తోలినవారు తగ్గిపోయారు. దాని భాగాల పేర్లు అడిగితే వర్ణన చెప్పగలిగేవారు దొరుకుతారు, మాట విని ‘అదే’ అని గుర్తుపట్టగలిగేవారు దొరకరు. గుర్తుపట్టేవారు లేనిచోట దొరికిన మాటను అనుమాన చిహ్నంతోనే రాసుకోవాలి. పక్కన అడిగిన వర్ణన, చెప్పినవారి ఊరు, మాటతో వచ్చిన క్రియ కూడా చేర్చాలి.