ఫెరిటిన్ 9, కాగితం మీద నార్మల్

పిల్లాడు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని వచ్చినవాళ్లను ఎన్నిసార్లు లేస్తున్నాడని నేను మొదట అడగను. నిద్రలో ఉన్నప్పుడు ఏం చేస్తున్నాడని అడుగుతాను. లేచిన లెక్క అందరికీ తెలుసు, ఎందుకంటే వాడు లేచినప్పుడల్లా వాళ్లూ లేచారు. మధ్యలో ఎలా పడుకున్నాడంటే మాత్రం భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ మధ్యలో ఏం జరుగుతోందో ఫోన్‌లో పది నిమిషాలు వీడియో తీసుకురమ్మంటాను. పిల్లల డాక్టరుగా నాకు ఆ వీడియో చాలాసార్లు స్టెతస్కోపు కంటే ఎక్కువ చెప్పింది.

రెండేళ్ల లోపు పిల్లలు రాత్రి ఒకటి రెండుసార్లు లేవడం జబ్బు కాదు. లేచి, పక్కన అమ్మ ఉందో లేదో తడుముకుని, జోకొట్టగానే పడుకునేవాడికి సూది గుచ్చాల్సిన పని లేదు. నేను ఆగి ఆలోచించేది ఇంకో రకం పిల్లల గురించి. వీళ్లు పూర్తిగా లేవరు, కుదురుగా పడుకోరు. కాళ్లు విసురుతారు, దుప్పటి తన్నేస్తారు, తెల్లారేసరికి తల ఉన్నచోట కాళ్లుంటాయి. నిద్రలోనే మూలుగుతారు. మాటలొచ్చినవాళ్లయితే కాళ్లు పట్టమంటారు.

ఈమధ్య చూసిన ఇరవై నెలల బాబు సరిగ్గా అలాంటివాడు. పది కిలోల బరువు. నెలలు పూర్తిగా నిండకుండా, 2.2 కిలోలతో పుట్టాడు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ తల్లి నుంచి ఐరన్ పోగుచేసుకునేది ముఖ్యంగా చివరి మూడు నెలల్లో. ముందే పుట్టినవాడికి ఆ మూట చిన్నది. అప్పట్లో రాసిచ్చిన చుక్కల మందు వాంతి అవుతోందని మానేశారు. ఇప్పుడు రోజుకు నాలుగు సీసాల గేదె పాలు, అంటే దాదాపు 800 మిల్లీలీటర్లు. కడుపు పాలతోనే నిండితే అన్నానికి చోటెక్కడ? పాలల్లో ఐరన్ నామమాత్రం, పైగా పాలల్లోని కాల్షియం తిండిలోని ఐరన్‌ను కూడా సరిగా ఒంటికి పట్టనివ్వదు. “పాలు తాగే పిల్లాడికి రక్తం తక్కువేమిటి బాబూ?” అని నాయనమ్మ అడిగింది. ఇంకో రెండు సంగతులు అడిగితేనే బయటికొచ్చాయి. బాబు గోడ సున్నం గీకి తింటున్నాడు. వాళ్ల నాన్నకు రాత్రి బస్సులో కూర్చుంటే కాళ్లు లాగేస్తాయట, కదపకుండా ఉండలేడట. కాళ్ల ఈ అలజడి కుటుంబాల్లో నడుస్తుంది.

ఐరన్‌కూ కాళ్లకూ సంబంధం ఏమిటంటే, మెదడులో డోపమైన్ తయారుకావడానికి ఒక ఎంజైము పని చెయ్యాలి, దానికి ఐరన్ కావాలి. ఒంటి కదలికల్ని అదుపులో ఉంచడంలో డోపమైన్‌ది పెద్ద పాత్ర. మెదడుకు ఐరన్ కొరత పడడానికి రక్తహీనత దాకా రానక్కర్లేదు. హిమోగ్లోబిన్ రోజూ పొయ్యి మీద ఉడికే అన్నమైతే, ఫెరిటిన్ డబ్బాలో మిగిలిన బియ్యం. డబ్బా అడుగంటుతున్నా ఇవాళ్టి అన్నం ఉడుకుతుంది. అందుకే ఒక్క హిమోగ్లోబిన్ చూసి బాగానే ఉందని పంపించేస్తే ఇలాంటి పిల్లలు జారిపోతారు.

ఈ బాబుకు అప్పటికే ఒకచోట రక్తపరీక్ష చేయించారు. ఫెరిటిన్ 34 వచ్చింది, బాగుందన్నారు. తారీఖు చూస్తే ఆ వారమంతా బాబుకు జ్వరం, జలుబు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే, నిల్వలు లేకపోయినా ఫెరిటిన్ పైకి పోతుంది. నేను ఏమీ రాయకుండా, జ్వరం తగ్గిన మూడు వారాలకు రమ్మన్నాను. ఈసారి సీబీసీ, ఫెరిటిన్, వాటితోపాటు సీఆర్పీ చేయించాం. ఇన్ఫెక్షన్ ఇంకా లోపల ఉందేమో సీఆర్పీ చెబుతుంది. సీఆర్పీ మామూలుగా ఉంది. హిమోగ్లోబిన్ 11.1. డబ్ల్యూహెచ్‌ఓ 2024లో సవరించిన లెక్క ప్రకారం ఈ వయసుకు 10.5 లోపైతేనే రక్తహీనత, కాబట్టి లేనట్టే. ఎర్రకణాలు మాత్రం మామూలు కంటే కాస్త చిన్నవి. థలసీమియా లక్షణం మోసే పిల్లల్లోనూ కణాలు చిన్నగానే ఉంటాయి, కానీ వాళ్లకు ఐరన్ నిల్వ సాధారణంగా తగ్గదు. ఇక్కడ ఫెరిటిన్ 9.

ఆ 9 పక్కన కాగితం మీద ఎర్ర గుర్తేమీ లేదు. చాలా ల్యాబుల్లో పిల్లలకు 7 నుంచి 140 దాకా మామూలే అని అచ్చేసి ఉంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ మాత్రం అయిదేళ్ల లోపు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు 12 లోపైతే ఐరన్ లోపమంటుంది, ఇన్ఫెక్షన్ ఉంటే 30 లోపే లోపం. నిద్రా వైద్యులు గీత ఇంకా పైన గీశారు. కాళ్ల అలజడితో నిద్ర చెడే పిల్లల్లో ఫెరిటిన్ 50 లోపుంటే ఐరన్ ఇచ్చి చూడమని 2018లో నిపుణుల బృందం ఒకటి సూచించింది. కానీ ఈ 50 అలాంటి పిల్లల కోసం చెప్పింది. ఊరికే లేచి పాలడిగే పిల్లాడికి ఫెరిటిన్ 40 ఉంటే అందువల్లే లేస్తున్నాడనడానికి ఆధారం లేదు. ఈ తేడా పట్టించుకోకపోతే ప్రతి పిల్లాడి చేతికీ సిరప్ సీసా వస్తుంది.

మా బాబు విషయంలో రెండు గీతలూ ఒకే మాట చెప్పాయి. కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు ఒక్కసారే 30 మిల్లీగ్రాముల ఐరన్ రాశాను. ఇక్కడే ఇళ్లలో పొరపాట్లు జరుగుతాయి. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములుంటే, చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 10 ఉండొచ్చు. షాపువాడు ఇది లేదు అది తీసుకోమని మార్చి ఇస్తే, పాత కొలతతోనే పోసేస్తారు. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ సిరప్ కూడా ఇంట్లో ఉంటే అదీ డాక్టరుకు చెప్పాలి. సీసా పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టాలి. తియ్యగా ఉందని ఒకేసారి తాగేస్తే ఐరన్ విషమే, ప్రాణం మీదికొస్తుంది. మందు పాలతో కలిపి ఇవ్వకూడదు, గంటా రెండు గంటల ఎడం ఉండాలి. విరేచనం నల్లగా వస్తే కంగారు పడక్కర్లేదు. పాలు 400 మిల్లీలీటర్లకు తగ్గించాం, సీసా మాన్పించి గ్లాసు పెట్టాం. గుడ్డు, మెత్తగా ఉడికించిన కాలేయం, నిమ్మరసం పిండిన ఆకుకూర పప్పు మొదలెట్టారు. నాయనమ్మ ఒప్పుకోవడానికే పది రోజులు పట్టింది.

మొదటి రెండు వారాల్లో ఏ మార్పూ లేదు. ఐరన్ నిద్రమందు కాదు. నెలన్నర దాటాక కాళ్లు విసరడం తగ్గిందన్నారు. మూడు నెలలకు ఫెరిటిన్ 46, గోడ సున్నం సంగతి అందరూ మర్చిపోయారు. అదే సమయంలో ఇలాగే దొర్లే ఇంకో పాపకు ఫెరిటిన్ 62 ఉంది. వీడియోలో ఆ పాప నోరు తెరిచి గురక పెడుతోంది. ఆ పాపను ఈఎన్టీ డాక్టరుకు చూపించమన్నాను, ఐరన్ రాయలేదు.

బాబు వాళ్లమ్మ మొన్న వచ్చినప్పుడు, “ఇంకా తెల్లవారుజామున ఒకసారి లేస్తున్నాడు డాక్టరుగారూ, మళ్లీ టెస్టు చేయిద్దామా?” అంది. లేచి ఏం చేస్తున్నాడని అడిగాను. “నా మీద చెయ్యేసి పడుకుంటాడండీ” అంది. వద్దమ్మా అన్నాను.